ఎఫ్‌డీ హామీతో తీసుకున్న క్రెడిట్ కార్డు: గుంటూరు దర్జీ ఒకరి విషయంలో పదహారు నెలలు

2024 జూన్‌లో గుంటూరు నుంచి ఒకావిడ తన భర్తతో కలిసి సలహా కోసం నా దగ్గరికి వచ్చారు. వయసు 38. ఇంటి ముందు గదిలో రెండు మిషన్లు పెట్టుకొని పన్నెండేళ్లుగా జాకెట్లు, పట్టు పావడాలు కుడుతున్నారు. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ కొనడానికి 3 లక్షల రూపాయలు అప్పు కావాలని అంతకు ముందు రెండు నెలల్లో మూడు చోట్ల దరఖాస్తు చేశారు. మూడు చోట్లా ఒకే సమాధానం వచ్చింది: ఆమె పేరు మీద క్రెడిట్ చరిత్ర లేదు. క్రెడిట్ సంస్థ ఇచ్చే నివేదికలో స్కోరు ఉండవలసిన చోట NH అనే రెండు అక్షరాలు మాత్రమే ఉన్నాయి. కొన్ని నివేదికల్లో దీన్నే -1 అని చూపిస్తారు. అది చెడ్డ స్కోరు కాదు, ఆమె గురించి చెప్పడానికి ఆ సంస్థ దగ్గర ఏమీ లేదని దాని అర్థం.

ఆమెకు అన్నిటికంటే బాధ కలిగించిన విషయం చీటీల గురించి. "పదేళ్లు చీటీలు కట్టానండీ, ఒక్క నెల కూడా తప్పలేదు, అది లెక్కలోకి రాదా?" అని అడిగారు. ఇరుగుపొరుగు నడిపే చీటీల వివరాలు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే, అప్పుల రికార్డు ఉంచే నాలుగు క్రెడిట్ సంస్థల్లో దేనికీ చేరవు. తనకు తెలిసినవారందరి దగ్గరా మంచిపేరు ఉన్న మనిషి బ్యాంకు కంప్యూటరుకు అపరిచితురాలిగానే మిగిలిపోతారు. మొదటిసారి అప్పు అడిగేవారి దరఖాస్తును చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించవద్దని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో ఇచ్చిన మాస్టర్ డైరెక్షన్ చెబుతోంది. అయితే ఆమె వచ్చింది అంతకు ముందు. అదీగాక శాఖలో కూర్చున్న అధికారికి చూపించడానికి ఏదో ఒక రికార్డు ఉండడం అప్పుడైనా ఇప్పుడైనా వేరే మాట.

రికార్డు మొదలుపెట్టడానికి మా ముందు మూడు దారులు కనిపించాయి. ఆమె అన్నయ్య తన క్రెడిట్ కార్డు మీద అదనపు కార్డు ఇప్పిస్తానన్నారు. అది వద్దన్నాను, ఎందుకంటే అదనపు కార్డు మీద జరిగే చెల్లింపులన్నీ అసలు కార్డుదారు పాన్ కిందే నమోదవుతాయి. ఆమె ఎంత వాడి ఎంత సక్రమంగా కట్టినా పేరు అన్నయ్యకే వస్తుంది. రెండోది బంగారం మీద అప్పు. అది ఆమె పేరు మీద నమోదవుతుంది గానీ, ఏడాది చివర ఒకేసారి తీర్చే పద్ధతిలో తీసుకుంటే నెలనెలా కట్టిన ఆనవాలు ఉండదు, పైగా అవసరం లేని అప్పుకు వడ్డీ కట్టాలి. మూడోది ఫిక్స్‌డ్ డిపాజిట్ హామీగా పెట్టి తీసుకునే క్రెడిట్ కార్డు. దీనికి ఆదాయపు రుజువు అడగరు, డిపాజిట్ మీద వడ్డీ వస్తూనే ఉంటుంది, గడువులోగా బిల్లు మొత్తం కట్టేవారికి అప్పు ఖర్చు ఉండదు, పైగా నెలనెలా ఒక గుర్తు పడుతుంది. అందుకే దీన్ని ఎంచుకున్నాం.

ఎవరి పేరు, ఎంత డిపాజిట్

ఇంట్లో అప్పటికే ఒక ఎఫ్‌డీ ఉంది. దానిలో మొదటి పేరు భర్తది, రెండో పేరు ఆమెది. దాన్ని హామీగా పెడితే కార్డు మొదటి పేరున్న భర్తకు వస్తుంది, చరిత్ర కూడా ఆయనకే ఏర్పడుతుంది. ఈ పొరపాటు నేను చాలా ఇళ్లలో చూశాను. డిపాజిట్ దాచుకున్నది భార్య అయినా, పాన్ కార్డు పనికొచ్చేది భర్తది అవుతుంది. అందుకని ఆమె ఒక్కరి పేరుతో కొత్త డిపాజిట్ వేయించాం. పన్ను మినహాయింపు కోసం వేసే ఐదేళ్ల డిపాజిట్ ఇందుకు పనికిరాదు, దాన్ని తాకట్టు పెట్టడానికి వీల్లేదు.

మరో చిన్న విషయం ముందే సరిచేసుకోవలసి వచ్చింది. ఆమె ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది. నమోదు చేసిన రోజున సరైన తేదీ చెప్పలేని వారికి ఏడాది మాత్రమే తీసుకొని అలా వేసినవి మన జిల్లాల్లో లెక్కలేనన్ని ఉన్నాయి. పాన్‌లో మాత్రం పదో తరగతి సర్టిఫికెట్ ప్రకారం అసలు తేదీ ఉంది. బ్యాంకు ఒక తేదీ పంపి, క్రెడిట్ సంస్థ దగ్గర మరో తేదీ ఉంటే కార్డు వివరాలు ఆమె నివేదికకు అతుక్కోకపోవచ్చు, లేదా ఒకే మనిషికి రెండు నివేదికలు తయారు కావచ్చు. ఆధార్‌లో తేదీ మార్పించి, బ్యాంకు ఖాతాలో కూడా అదే తేదీ వచ్చిందని చూసుకున్న తర్వాతే దరఖాస్తు ఇచ్చాం. దీనికి మూడు వారాలు పట్టింది.

ఇక డిపాజిట్ ఎంత అన్నది. ఆమె మొదట 20,000 చాలనుకున్నారు. నేను లెక్క తిప్పి వేయమన్నాను. లైనింగ్, ఫాల్స్, దారాలు, కరెంటు బిల్లు, ఫోన్ రీచార్జి కలిపి నెలకు దాదాపు 10,000 ఆమె ఎలాగూ ఖర్చు పెడతారు. ఆ ఖర్చు కార్డు పరిమితిలో ముప్పై శాతం దాటకుండా ఉండాలంటే పరిమితి 33,000 పైగా కావాలి. ఆమె ఎంచుకున్న బ్యాంకు డిపాజిట్‌లో 80 శాతం పరిమితిగా ఇస్తుంది. 20,000 వేస్తే పరిమితి 16,000 అవుతుంది, నెల ఖర్చే అందులో అరవై శాతం దాటుతుంది. 50,000 వేస్తే పరిమితి 40,000, వాడకం 25 శాతం. ముప్పై శాతం లోపు ఉండాలన్నది ఏ చట్టంలోనూ లేదు, ఈ పనిలో ఉన్నవాళ్లం అనుభవం మీద పాటించే గీత మాత్రమే. కానీ డిపాజిట్ ఎంత వేయాలో నిర్ణయించడానికి ఖర్చు నుంచి వెనక్కి లెక్కించడం కంటే మంచి పద్ధతి నాకు తెలియదు. ఆమె సేవింగ్స్ ఖాతాలో 90,000 ఉన్నాయి. అందులో 50,000 మాత్రమే వేసి, మిగతాది చేతికి అందేలా ఉంచమన్నాను, ఎందుకంటే కార్డు ఉన్నంతకాలం ఆ డిపాజిట్‌ను ఇంట్లో ఎంత అవసరం వచ్చినా తీసుకోవడానికి ఉండదు.

కార్డు రూపే రకమే తీసుకోమన్నాను. పట్నం బజారులో టోకు వ్యాపారులు కార్డు గీకితే రెండు శాతం అదనంగా అడుగుతారు. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జతచేయడానికి రిజర్వు బ్యాంకు 2022లో అనుమతించింది కాబట్టి, చిన్న దుకాణాల్లో కూడా గోడకు అంటించిన క్యూఆర్ స్కాన్ చేసి కార్డు మీదే చెల్లించవచ్చు. దుకాణదారు తన సొంత ఖాతా క్యూఆర్ పెట్టుకుంటే మాత్రం ఇది పనిచేయదు, వ్యాపారి క్యూఆర్ అయి ఉండాలి.

750 రూపాయల పాఠం

కార్డు జులైలో వచ్చింది. ప్రతి నెలా 18న స్టేట్‌మెంట్ తయారవుతుంది, ఆ తర్వాత దాదాపు 20 రోజులకు కట్టవలసిన గడువు. మరిచిపోకుండా ఉండడానికి సేవింగ్స్ ఖాతా నుంచి ఆటోడెబిట్ పెట్టుకోమని నేనే చెప్పాను. పెట్టుకునే తెర మీద రెండు మాటలు ఉంటాయి: Total Amount Due అంటే మొత్తం బాకీ, Minimum Amount Due అంటే కనీస మొత్తం. ఆమె ఫారంలో రెండోదానికి ముందే టిక్కు పడి ఉంది. అది చూడకుండానే ఆమె ఒప్పుకున్నారు, నేను కూడా ఆ రోజు ఆ ఫారం తెరిచి చూడలేదు. మొదటి నెలల్లో ఆమె యాప్‌లో తానే మొత్తం కట్టేవారు కాబట్టి తేడా తెలియలేదు. నవంబరులో ఆటోడెబిట్ ఉంది కదా అని వదిలేశారు.

అక్టోబరు 18 స్టేట్‌మెంట్‌లో కట్టవలసింది 9,600. అందులో 6,000 సెప్టెంబరు 25న, 3,600 అక్టోబరు 10న పెట్టిన ఖర్చు. నవంబరు 7న ఖాతా నుంచి వెళ్లింది 480 రూపాయలు మాత్రమే. కనీస మొత్తం కడితే ఆలస్య రుసుము పడదు. కానీ మొత్తం కట్టకపోతే వడ్డీ లేని గడువు మొత్తంగా పోతుంది, ఖర్చు పెట్టిన రోజు నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది. ఆ కార్డు మీద నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం. 6,000 మీద 43 రోజులు, 3,600 మీద 28 రోజులు, 480 పోగా మిగిలిన 9,120 మీద నవంబరు 18 దాకా మరో 11 రోజులు కలిపి దాదాపు 528 రూపాయలు వడ్డీ అయింది. అంతటితో ఆగలేదు. అక్టోబరు 28న కొత్తగా పెట్టిన 4,500కు కూడా వడ్డీ లేని గడువు వర్తించలేదు, దానికి 21 రోజులకు ఇంకో 109. మొత్తం 637 మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 752 రూపాయలు. ఆమె డిపాజిట్ మీద ఏడాదికి 6.5 శాతం చొప్పున వచ్చేది 3,250, అంటే నెలకు 270. ఒక్క టిక్కు దాదాపు మూడు నెలల వడ్డీని తినేసింది.

ఆమె భయపడింది డబ్బు గురించి కాదు, "నా రికార్డు పాడైపోయిందా?" అని. పాడు కాలేదు. కనీస మొత్తం గడువులో చేరింది కాబట్టి నివేదికలో ఆ నెల గడిలో 000 అనే ఉంది, అంటే ఆలస్యం సున్నా రోజులు. నష్టం జేబుకే పరిమితం. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పొరపాటు కూడా ఉంది, అది దీనికంటే చాలా ప్రమాదం. ఆ రోజు ఆమె భర్త అన్న మాటలోనే అది ఉంది: "ఎప్పుడైనా కట్టలేకపోతే ఎఫ్‌డీ ఉంది కదా సార్, అందులోంచి వాళ్లే తీసుకుంటారు." తీసుకుంటారు, నిజమే. కానీ అది నెలల తరబడి బాకీ పేరుకుపోయాక, నోటీసులిచ్చి, డిపాజిట్ మూసి, బాకీ జమచేసుకొని, మిగిలింది ఖాతాలో వేస్తారు. అప్పటికి నివేదికలో 30 రోజులు, 60 రోజులు ఆలస్యం అనే అంకెలు పడిపోయి ఉంటాయి. బ్యాంకు డబ్బు బ్యాంకుకు చేరినంత మాత్రాన ఆ అంకెలు చెరిగిపోవు. నివేదిక 36 నెలల చెల్లింపు చరిత్రను చూపిస్తుంది. డిపాజిట్ అన్నది బ్యాంకు నష్టపోకుండా కాపాడే హామీ, కార్డుదారు పేరును కాపాడేది కాదు. ఈ మాటను ఆయనకు అర్థమయ్యేదాకా చెప్పాను, ఎందుకంటే ఈ కార్డు తీసుకొని మొదలుపెట్టిన స్థితి కంటే దిగజారిన వారంతా ఆ నమ్మకంతోనే దిగజారారు.

ఆటోడెబిట్‌ను మొత్తానికి మార్పించాం. గడువు దాటి మూడు రోజులకు మించితేనే ఆలస్య రుసుము వేయాలని, ఆలస్యంగా నివేదించాలని రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల్లో ఉంది. ఖాతాలో డబ్బు చాలక ఆటోడెబిట్ విఫలమైతే సరిచేసుకోవడానికి ఉన్న వ్యవధి అదే. దాని మీద ఆధారపడమని ఎవరికీ చెప్పను, కానీ ఉందని తెలిసి ఉండాలి.

మాఘమాసపు బిల్లు

ఆరు నెలల చరిత్ర చేరాక 2025 జనవరిలో మొదటిసారి స్కోరు కనిపించింది: 728. కార్డు నివేదికలో Secured Credit Card అనే పేరుతోనే నమోదైంది. ఆమె చాలా సంతోషించారు, ఫిబ్రవరిలోనే మళ్లీ అప్పుకు వెళ్దామన్నారు. ఒక్క ఖాతా, ఆరు నెలల వయసు మాత్రమే ఉన్న నివేదిక పట్టుకొని వెళ్లడం తొందరవుతుందని ఆపాను. అంతకు ముందు చేసిన మూడు దరఖాస్తుల విచారణలు కూడా ఇంకా కొత్తగానే కనిపిస్తున్నాయి.

మాఘమాసం పెళ్లిళ్లు మొదలయ్యాయి. ఫిబ్రవరి 2న ఆమె ఒకేసారి 34,000 రూపాయల సరుకు కొన్నారు. ఫిబ్రవరి 18 స్టేట్‌మెంట్‌లో కట్టవలసింది 36,500 అని వచ్చింది. ఒక్క రూపాయి వడ్డీ లేకుండా, గడువుకు ముందే, మార్చి 5న మొత్తం కట్టేశారు. అయినా మార్చి రెండో వారంలో స్కోరు 702కు పడిపోయింది. "నేను కట్టిందంతా వృథానా?" అని ఫోన్ చేశారు.

ఈ కార్డుల విషయంలో చాలామందికి తెలియనిది ఇక్కడే ఉంది. కట్టే గడువు తేదీ వడ్డీకి, ఆలస్యానికి సంబంధించినది. స్కోరులో వాడకం లెక్క దాన్ని చూడదు, బ్యాంకు వివరాలు పంపిన రోజున బాకీ ఎంత ఉందన్నదే చూస్తుంది. 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు నెలకు రెండుసార్లు, 15వ తేదీ నాటి, నెలాఖరు నాటి వివరాలు క్రెడిట్ సంస్థలకు పంపవలసి ఉండేది. ఆమె నివేదిక తెరిస్తే కార్డు దగ్గర Date Reported 28-02-2025 అని, బాకీ 36,500 అని, పరిమితి 40,000 అని ఉంది. 91 శాతం వాడకం. మార్చి 5న సున్నా అయిన సంగతి ఆ పేజీకి తెలియదు. పెద్ద పరిమితి ఉన్న మామూలు కార్డు మీద 36,500 పెద్ద లెక్క కాదు. డిపాజిట్ హామీతో వచ్చే కార్డుల పరిమితి చిన్నది కాబట్టి ఒక్క పెద్ద కొనుగోలుకే శాతం ఎగిరిపోతుంది.

ఇందులో ఊరట ఏమిటంటే, ఆలస్యపు గుర్తులాగా ఇది నిలిచిపోయే మచ్చ కాదు. తర్వాత పంపిన వివరాల్లో బాకీ తగ్గితే స్కోరు కూడా తేరుకుంటుంది. అయితే అదే వారంలో అప్పుకు వెళ్లి ఉంటే అధికారి తెర మీద కనిపించేది ఆ 702, ఆ 91 శాతమే.

మే నెలలో వైశాఖ ముహూర్తాలకు మళ్లీ పెద్ద కొనుగోలు వచ్చింది. మే 2న 30,000. ఈసారి పద్ధతి మార్చాం. పెళ్లి జాకెట్లకు ఆమె సగం డబ్బు ముందుగా తీసుకుంటారు, అది పదో తేదీ లోపు చేతికి వస్తుంది. ఆ డబ్బును ఇంట్లో పెట్టి జూన్ గడువు దాకా ఆగకుండా, మే 6, 10, 13 తేదీల్లో మూడు విడతలుగా 26,000 కార్డుకే కట్టేశారు. స్టేట్‌మెంట్ రాకముందు కట్టవచ్చా అని ఆమె అడిగారు. ఎప్పుడైనా కట్టవచ్చు, యాప్‌లో బాకీ మొత్తం కనిపించే చోటే ఆ వీలు ఉంటుంది. మే 15న పంపిన వివరాల్లో, 18 స్టేట్‌మెంట్‌లో, నెలాఖరు వివరాల్లో ఎక్కడా బాకీ 7,000 దాటలేదు. మిగిలింది ఆటోడెబిట్‌లో పోయింది. ఫిబ్రవరిలోనూ మేలోనూ కొనుగోలు దాదాపు అంతే, తేడా అంతా కట్టిన తేదీలోనే ఉంది. జూన్‌లో స్కోరు 741.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రతి పక్షానికీ స్కోరు చూస్తూ కూర్చోవడం, ఐదు పాయింట్లు తగ్గితే కలవరపడడం వల్ల ప్రయోజనం లేదు. నాలుగు సంస్థల లెక్కలూ ఒకటి కావు. ఏడాదికొకసారి ప్రతి సంస్థా పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. నాలుగింటినీ ఒకేసారి తీయకుండా మూడు నెలలకొకటి చొప్పున తీయమన్నాను, అలా చేస్తే తప్పులు ఏవైనా దొర్లినా ఏడాది పొడవునా కనిపెట్టవచ్చు. తప్పు చూపించి ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో సరిచేయాలి, ఆపైన ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 నుంచి అమల్లో ఉంది.

అప్పు, తర్వాత డిపాజిట్ సంగతి

2025 సెప్టెంబరులో, స్కోరు 752 ఉండగా, ముద్ర పథకం కింద 3 లక్షలకు దరఖాస్తు చేయించాను. ఈసారి ఒక్క చోటే, ఆమె యూపీఐ జమలన్నీ పడే ఖాతా ఉన్న శాఖలోనే. అక్టోబరులో 2,50,000 మంజూరైంది. దీన్ని ఉన్నదున్నట్టు చెప్పాలి: స్కోరు ఆ దరఖాస్తును మొదటి తెర దాటించింది, అంతవరకే. మొత్తం ఎంత ఇవ్వాలన్నది ఖాతాలో ఏడాది జమలు, చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు, మిషన్ కొటేషన్ చూసి నిర్ణయించారు. అడిగిన 3 లక్షలు రాకపోవడానికి కారణం కార్డు కాదు, నగదుగా వచ్చిన రాబడిలో చాలా భాగం ఆమె ఖాతాలో వేయకపోవడం. ఆ పని కూడా మొదటి రోజే మొదలుపెట్టించి ఉండవలసింది, అది నా లోపం.

డిపాజిట్ 2025 జూన్‌లో గడువు తీరి దానంతట అదే మరో ఏడాదికి పునరుద్ధరణ అయింది. గడువు తీరితే డబ్బు ఖాతాలోకి వస్తుందని ఆమె అనుకున్నారు, కానీ కార్డు ఉన్నంతకాలం తాకట్టు అలాగే కొనసాగుతుంది. వాయిదా మొదలైన తర్వాత ఆ 50,000 వెనక్కి తీసుకుందామన్నారు. తాకట్టు తీసేసి దీన్నే మామూలు కార్డుగా మార్చమని శాఖలో రాసిచ్చాం. ఆ బ్యాంకు అలా మార్చదట, ఆమెకు కొత్త కార్డుకు విడిగా దరఖాస్తు చేసుకోమన్నారు. కార్డు మూయమని కోరితే బాకీ లేనప్పుడు ఏడు పనిదినాల్లో మూయాలి, లేకపోతే రోజుకు 500 రూపాయలు కార్డుదారుకు చెల్లించాలి. కార్డు మూసిన తర్వాతే డిపాజిట్ మీద తాకట్టు తొలగిస్తారు.

ప్రస్తుతానికి మూయవద్దని నిర్ణయించుకున్నాం. ఆమె నివేదికలో ఉన్నవి రెండే ఖాతాలు, అందులో వయసున్నది ఈ కార్డు ఒక్కటే. ఇప్పుడు దీన్ని మూస్తే వాడుకలో మిగిలేది కొన్ని నెలల వయసున్న అప్పు మాత్రమే. ముద్ర వాయిదాలు పన్నెండు తప్పకుండా పడ్డాక మామూలు కార్డుకు ఒకసారి దరఖాస్తు చేసి, అది చేతికి వచ్చిన తర్వాతే దీన్ని మూసి డిపాజిట్ విడిపించుకుంటారు. ఆ తేదీని ఆమె ఆర్డర్ల పుస్తకం అట్ట లోపలివైపు రాసుకున్నారు.